వార్తల్లో పదం: సీఐఎన్

తాడిపత్రిలాంటి ఊళ్లోని కాలేజీకి హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో కొత్త కంపెనీ క్యాంపస్ నియామకాలకు వస్తానంటే, ప్లేస్‌మెంట్ ఆఫీసర్ రాసే లేఖలో ముందుగా అడగాల్సింది సీఐఎన్. కంపెనీ నమోదైనప్పుడు ఇచ్చే 21 అక్షరాల, అంకెల గుర్తింపు ఇది. కంపెనీల చట్టం, 2013 ప్రకారం దీన్ని లెటర్‌హెడ్‌పై ముద్రించాలి.

డాక్టర్ రెడ్డీస్‌ది చూడండి: L85195TG1984PLC004507. L అంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన కంపెనీ. కానిదానికి U ఉంటుంది. తర్వాతి ఐదంకెలు వ్యాపారం రకం, TG రాష్ట్రం, 1984 స్థాపించిన ఏడాది, PLC పబ్లిక్ కంపెనీ, చివరి ఆరంకెలు నమోదు సంఖ్య. ప్రైవేటు కంపెనీకైతే PTC.

పదిహేనేళ్ల అనుభవం ఉందని చెప్పే సంస్థ సీఐఎన్‌లో 2024 కనిపిస్తే, ఆ తేడాకు జవాబు అడగాల్సిందే. కంపెనీ పంపిన పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకూడదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో అదే నంబరు వెతికి పేరు, చిరునామా, స్థితి పోల్చాలి. Strike Off అని ఉంటే ఆ కంపెనీ పేరు రిజిస్టరు నుంచి తొలగించినట్టు.

సొంత యాజమాన్య సంస్థలకు సీఐఎన్ ఉండదు. వాటిని జీఎస్టీ లేదా ఉద్యమ్ నమోదు అడగాలి. ఏదైనా సరే, నమోదు ఉన్నంత మాత్రాన ఉద్యోగాలున్నట్టు కాదు. విద్యార్థుల దగ్గర శిక్షణ రుసుముగానీ డిపాజిట్‌గానీ తీసుకోబోమని అదే లేఖకు రాతపూర్వక జవాబు కోరడం అందుకే అవసరం.