సున్నా వచ్చినంత మాత్రాన శిఖరం కాదు

y = 3x⁵ − 5x³ గ్రాఫు గీయమంటే మనలో చాలామంది x కి వరసగా −2, −1, 0, 1, 2 ఇచ్చి చుక్కలు పెట్టేస్తాం. y విలువలు −56, 2, 0, −2, 56 వస్తాయి. మధ్యలోని మూడు చుక్కలూ ఒకే సరళరేఖ మీద పడతాయి. స్కేలు పెట్టి కలిపేయాలనిపిస్తుంది. కలిపితే బొమ్మ తప్పే.

చుక్కల మధ్య ఏం జరుగుతోందో చెప్పేది అవకలజం. మొదటి అవకలజం 15x²(x² − 1). ఇది వక్రం వాలు. ధనమైతే వక్రం ఎక్కుతోంది, రుణమైతే దిగుతోంది. −1, 0, 1 దగ్గర ఇది సున్నా అవుతుంది. ఆ మూడూ అనుమానితులు మాత్రమే, తీర్పు చెప్పేది గుర్తు. −1 కి ఎడమన ధనం, కుడిన రుణం. అంటే ఎక్కి దిగింది కాబట్టి అక్కడ గరిష్ఠం, విలువ 2. 1 దగ్గర దిగి ఎక్కింది, కనిష్ఠం −2. మరి 0 దగ్గర? రెండు వైపులా రుణమే. వక్రం క్షణం పాటు అడ్డంగా సాగి, మళ్లీ దిగడం మొదలుపెడుతుంది. అది గరిష్ఠమూ కాదు, కనిష్ఠమూ కాదు. అన్నట్టు ఈ 2 స్థానిక గరిష్ఠమే; x = 2 దగ్గరే వక్రం 56 కి చేరింది కదా!

రెండో అవకలజం 30x(2x² − 1) వంపు సంగతి చెబుతుంది. వక్రం మీద ఎడమ నుంచి కుడికి కారు నడుపుతున్నామనుకోండి. ఇది రుణమైతే స్టీరింగు కుడికి, ధనమైతే ఎడమకి తిరిగి ఉంటుంది. ఒకవైపు నుంచి రెండో వైపుకి మారే చోటే ఇన్‌ఫ్లెక్షన్ బిందువు. ఇక్కడ −0.707, 0, 0.707 దగ్గర అలా మూడుసార్లు మారుతుంది. −0.707 దగ్గర ఎత్తు సుమారు 1.24, 0.707 దగ్గర −1.24.

−1 దగ్గర రెండో అవకలజం −30, కాబట్టి గరిష్ఠమని వెంటనే తేల్చేయవచ్చు. 0 దగ్గర మాత్రం అదీ సున్నాయే, ఈ పరీక్ష ఏమీ చెప్పదు. అప్పుడు మొదటి అవకలజం గుర్తులే దిక్కు. రెండో అవకలజం సున్నా అయిందని ఇన్‌ఫ్లెక్షన్ అని రాసేయడమూ తప్పే: y = x⁴ కి అది 12x², 0 దగ్గర సున్నా, కానీ రెండు వైపులా ధనమే. వంపు మారలేదు. పరీక్షల్లో మార్కులు పోయేది సాధారణంగా ఇక్కడే.

ఇక గీయడం తేలిక. ఎడమ అడుగు నుంచి (−1, 2) దాకా ఎక్కించి, −0.707 దగ్గర వంపు మార్చి, 0 దగ్గర పెన్సిలు అడ్డంగా పోనిచ్చి, మిగతా సగాన్ని మూలబిందువు చుట్టూ 180 డిగ్రీలు తిప్పినట్టు గీస్తే సరి. x అక్షాన్ని 0 దగ్గర కాక ±1.29 దగ్గర కూడా కోస్తుంది.

ఇలాగే y = x⁴ − 4x³ గీసి చూడండి. కనిష్ఠం (3, −27) దగ్గర రావాలి. గరిష్ఠం అసలు ఉండదు.