కాగితం మీద ఇరవై లక్షలు

మొన్న ఆదివారం మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చి, కాఫీ చల్లారేదాకా మాట్లాడకుండా కూర్చున్నాడు. తర్వాత ఒక కాగితం తీసి బల్లమీద పెట్టాడు.

“మామయ్యా, ఇప్పుడున్న కంపెనీలో ఏడాదికి 14 లక్షలు. ఎనిమిది వందలమంది పనిచేసే చోటు, జీతం ఒకటో తారీకు దాటదు. ఈ స్టార్టప్ వాళ్లు 17 లక్షలిస్తామంటున్నారు, పైగా 20 లక్షల విలువ చేసే షేర్లట. అమ్మేమో వద్దంటోంది.”

మా చెల్లెలి భయం ఊరికే పుట్టలేదు. ఇంటి అప్పు వాయిదా ఆ పిల్లవాడి జీతం మీదనే నడుస్తోంది.

“వాళ్ల బ్యాంకులో డబ్బెంత ఉందో అడిగావా?” అన్నాను.

అడిగాడు. నిలవ 6 కోట్లు. నెల ఖర్చు 50 లక్షలు, రాబడి 10 లక్షలు. అంటే నెలనెలా కరిగిపోయేది 40 లక్షలు. ఆ లెక్కన నిలవ 15 నెలలు వస్తుంది. విమానం పైకి లేచేముందు పరుగెత్తే బాటతో పోల్చి, దీన్ని ఆ రంగంవారు రన్‌వే అంటారు. కాని కొత్త మదుపు సంపాదించడానికి ఆరు నెలలైనా తిరగవలసి వస్తుంది. కనుక నిశ్చింతగా ఉండేది 9 నెలలే. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ 10 లక్షలూ ఒక్క ఖాతాదారే ఇస్తూంటే, అతడు మానుకున్న మర్నాడే 15 నెలలు 12 అవుతాయి.

ఇక షేర్ల సంగతి. నిజానికి అవి షేర్లు కావు, షేర్లు కొనుక్కునే హక్కులు. మావాడికిచ్చినవి 10,000. ఈ మధ్య మదుపుదారులు ఒక్కో షేరుకు 200 చొప్పున ఇచ్చారు గనుక 20 లక్షలని చెప్పారు. కాని ఒక్కో షేరుకు మావాడు 40 రూపాయలు కట్టాలి. ఆ 4 లక్షలూ ఎవరూ తీసివేయలేదు. పైగా హక్కు చేతికి రావడం నాలుగేళ్ల మీద. మొదటి ఏడాది నిండనిదే ఒక్కటీ రాదు, నిండితే పావువంతు, అంటే 2,500. వాటా నాలుగేళ్లది, డబ్బు పదిహేను నెలలది!

ఏడాది తర్వాత మానేస్తే 90 రోజుల్లో కొనాలని షరతు. అప్పుడు ధర లక్ష రూపాయలు. విలువకూ ధరకూ మధ్య తేడా 4 లక్షలు. అది జీతంలో భాగంగా లెక్కకు వస్తుంది. ఐదోవంతు పన్ను పడితే మరో 80 వేలు. అమ్ముకోవడానికి వీలులేని కాగితానికి లక్షా ఎనభైవేలు!

“కంపెనీని ఎవరైనా కొంటే?” అన్నాడు ఆశగా.

మదుపుదారులు 25 కోట్లు పెట్టి పావువంతు తీసుకున్నారు. అమ్మకంలో తమ సొమ్ము ముందు తమకు రావాలన్నది వారి ఒప్పందం. కంపెనీ 30 కోట్లకు అమ్ముడుపోతే వారికి పోగా మిగిలేది 5 కోట్లు. తక్కినవారి షేర్లు 37 లక్షల 50 వేలు. ఒక్కోదానికి పదమూడు రూపాయల చిల్లర దక్కుతుంది. నలభై పెట్టి ఎవరు కొంటారు?

“అయితే వద్దంటారా?”

“అనను. షేర్లు సున్నా అనుకో. అప్పుడు కూడా వెళ్లాలనిపిస్తే వెళ్లు” అన్నాను.

సున్నా అనుకుంటే మిగిలేవి ఏడాదికి 3 లక్షల హెచ్చు జీతం, కొత్త పని. కంపెనీ మూతపడి రెండు నెలలు ఖాళీగా కూర్చుంటే, పాత జీతం లెక్కన చూసినా 2 లక్షల 33 వేలు పోతాయి. కాబట్టి తేల్చవలసింది పనే. కాగితంలో ‘విభాగాధిపతి’ అని ఉంది. ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, రేపు కింద మనుషుల్ని నియమించేదెవరు, ఖాతాదారులతో మాట్లాడేదెవరు అని అడగమన్నాను. అన్నిటికీ యజమానే అని జవాబు వస్తే హోదా పేరుకే. పాతచోట మావాడు నాలుగేళ్లుగా బిల్లుల ప్రోగ్రాములో ఒక ముక్క మాత్రమే చూస్తున్నాడు. మొత్తం బిల్లుల వ్యవహారం చేతికి వస్తే, కంపెనీ పోయినా ఆ అనుభవం పోదు.

వారం తర్వాత ఫోను చేశాడు. మొత్తం బిల్లుల పని, ఇద్దర్ని నియమించే అధికారం ఉత్తర్వులో రాసిచ్చారట. 90 రోజుల గడువు మాత్రం పెంచలేదట. ఆరు నెలల వాయిదాలు విడిగా బ్యాంకులో వేసి, చేరుతున్నాడు.

మా చెల్లెలు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కాని ఒక షరతు పెట్టింది. మూడు నెలలకొకసారి నిలవెంతో, ఖర్చెంతో, రాబడెంతో అడిగి తనకు చెప్పాలట. తొమ్మిదో నెలకు కొత్త మదుపు రాకపోతే, జీతం ఆగేదాకా చూడకుండా వేరే ఉద్యోగం వెతుక్కోవాలట. ఈ లెక్క నేను చెప్పినదానికన్నా తనే బాగా కట్టింది!