మంచం కింద కమలిని

కాలేజీ నాటిక పోటీల్లో పది నిమిషాల గడువు ఉంటే, కథను ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి మూడు: ఎన్ని చోట్ల జరుగుతోంది, ఎంతసేపట్లో జరుగుతోంది, ఎంతమంది మాట్లాడుతున్నారు. 1910లో అచ్చయిన గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ ఈ మూడింటికీ చక్కగా సరిపోతుంది. ఒక ఇల్లు, ఒక రాత్రి, ముగ్గురు మనుషులు. సానిపాట మోజులో పడి పొద్దుపోయాక ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు. పుట్టింటికి వెళ్తున్నానన్న ఉత్తరం దొరుకుతుంది. నౌకరు రాముణ్ణి ఆమె దగ్గరికి రాయబారం పంపబోతుంటే, మంచం కిందనుంచి నవ్వు వినబడుతుంది.

సంభాషణలు చాలావరకు సిద్ధంగానే ఉన్నాయి కాబట్టి ఉన్నదున్నట్టు ఎక్కించెయ్యవచ్చు అనిపిస్తుంది. అక్కడే చిక్కు.

కమలిని మంచం కింద ఉందని పాఠకుడికి చివరిదాకా తెలియదు. రంగస్థలం మీద ఆ గుట్టు నిలవాలంటే దుప్పటి నేలదాకా వేలాడాలి, తెర లేవకముందే నటి లోపల ఉండాలి. ఇంత చేసినా హాలంతా నవ్వేది ఒక్కసారే, అదీ ఆఖర్న. కథ ముందే చదివినవాళ్లకు ఆ ఒక్కటీ దక్కదు. అందుకే గుట్టును నడిమధ్యలో ప్రేక్షకులకు మాత్రమే విప్పడం మేలు. అమ్మగారితో ఏం చెప్పాలో గోపాలరావు రాముడికి నేర్పుతుండగా దుప్పటి అంచు కొంచెం కదిలి, గాజుల చెయ్యి కనబడి మాయమవుతుంది. ఆ క్షణం నుంచి అతని పశ్చాత్తాపమంతా ఆమె వింటోందని హాలుకు తెలుసు, అతనికి తెలియదు. ప్రతి మాటకూ బలం వస్తుంది.

ఉత్తరం సంగతి వేరు. కథలో కళ్లతో చదివేస్తాం. వేదిక మీద ఒక మనిషి కాగితం పట్టుకుని నిమిషానికి మించి చదివితే హాల్లో గుసగుసలు మొదలవుతాయి. రికార్డు చేసిన కమలిని గొంతు వినిపించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. దానివల్ల చూపంతా స్పీకరు మీదకు పోతుంది. గోపాలరావే చదవాలి. మూడు నాలుగు వాక్యాలు చాలు. రెండో వాక్యం దగ్గర గొంతు తడబడి ఆగితే, ఏం రాసిందని రాముడు అడగాలి. అప్పుడది చదువు కాకుండా సన్నివేశం అవుతుంది.

రాముడి ఉత్తరాంధ్ర యాసను తీసెయ్యకూడదు, వెక్కిరింతగానూ పలకకూడదు. ఆడవాళ్ల చదువు మీద అతనికీ యజమానికీ నడిచే మాటలు కథకు ప్రాణం, అవి ఉండాల్సిందే. గోపాలరావు తనలో తాను అనుకునేవి మాత్రం కత్తిరించవచ్చు. రాముడి మీద చెయ్యి చేసుకుని వెంటనే నొచ్చుకోవడం అవే చెబుతుంది.

రాత ముగిశాక గడియారం పెట్టుకుని పైకి చదివితే ఏడు నిమిషాలు దాటకూడదు. చీకట్లో తడుములాట, దీపం వెలిగించడం, రాముణ్ణి లేపడం కలిస్తే రిహార్సల్లో తొమ్మిదవుతుంది. మిగిలిన నిమిషం ప్రేక్షకుల నవ్వులకు వదలాలి. నవ్వు సద్దుమణగకుండా తర్వాతి మాట అందుకుంటే అది ఎవరికీ వినబడదు.