వచ్చింది ఒక్కసారి, లెక్కకెక్కింది మూడుసార్లు

ఉదయం 9 గంటలకు ఒకావిడ సిటీ బస్సులో కూర్చుని ఫోన్‌లో చీరల సైటు తెరిచింది. 9.10కి ఒక పట్టుచీర నచ్చింది. ఆఫీసుకు చేరాక, రంగు పెద్ద తెరమీదైతే బాగా తెలుస్తుందని 9.18కి ల్యాప్‌టాప్‌లో అదే సైటులోకి వెళ్లింది. 9.30కి అంచు దగ్గరగా చూసుకుంది. 9.45కి ఫోన్ తీసి డబ్బు కట్టేసింది. 9.52కి చీర ఎప్పుడొస్తుందో ల్యాప్‌టాప్‌లో చూసుకుని పనిలో పడింది. రెండుచోట్లా లాగిన్ అయింది తన ఖాతాతోనే.

ఆవిడ దుకాణానికి వచ్చింది ఒక్కసారే. కానీ సైటు వాళ్ల రిపోర్టులో ఆ గంటకి ఆవిడ పేరున 3 సెషన్లు పడ్డాయి.

ఒక రాకకు సంబంధించిన క్లిక్కులన్నీ కలిపితే ఒక సెషన్. మనిషి వెళ్లిపోతూ సైటుకు చెప్పి వెళ్లడు కాబట్టి, 30 నిమిషాలు ఏ కదలికా లేకపోతే వెళ్లిపోయినట్టు లెక్క. 1995లో జార్జియా టెక్ పరిశోధకులు క్యాట్‌లెడ్జ్, పిట్‌కో తమ క్యాంపస్‌లో బ్రౌజర్ వాడేవారి క్లిక్కులను కొలిచి 25.5 నిమిషాల హద్దు గీశారు. పరిశ్రమలో మాత్రం అరగంట స్థిరపడింది. గూగుల్ అనలిటిక్స్‌లోనూ ముందుగా ఉండేది ఆ అరగంటే.

అరగంటతో పేచీ లేదు. ఎవరి అరగంట అన్నదే చిక్కు. సెషన్లు కట్టే క్వెరీలో సాధారణంగా ఇలాంటి వరుస ఉంటుంది:

```sql
LAG(event_time) OVER (
  PARTITION BY device_id ORDER BY event_time)
```

ప్రతి క్లిక్కుకూ దాని ముందు క్లిక్కు ఎప్పుడు జరిగిందో ఇది తెచ్చిస్తుంది. తేడా 30 నిమిషాలు దాటితే కొత్త సెషన్. ఇక్కడ `device_id` అని ఉంది కాబట్టి ఫోన్ గడియారం ఫోన్‌ది, ల్యాప్‌టాప్ గడియారం ల్యాప్‌టాప్‌ది. ల్యాప్‌టాప్ మొదటి క్లిక్కుకు ముందు దానిమీద ఏమీ లేదు గనుక అదొక కొత్త సెషన్. ఇంతవరకు ఎవరైనా ఊహిస్తారు. ఊహించనిది ఫోన్ దగ్గర జరిగింది. 9.10కీ 9.45కీ మధ్య 35 నిమిషాలు ఫోన్ ఊరుకుంది. ఆ సమయంలో ఆవిడ ల్యాప్‌టాప్‌లో చీర చూస్తున్న సంగతి ఫోన్ లెక్కకు తెలియదు. అందుకని డబ్బు కట్టిన క్లిక్కు మూడో సెషన్ అయి కూర్చుంది. మనిషి ప్రకారం చూస్తే ఏ రెండు క్లిక్కుల మధ్యా 15 నిమిషాలకు మించి ఖాళీ లేదు.

దీంతో మిగతా అంకెలూ చెడతాయి. ఆవిడ 52 నిమిషాల రాక, సగటున 15 నిమిషాలైనా లేని మూడు ముక్కలైంది. వచ్చినప్పుడు కొనడం ఒకటికి ఒకటి కావలసింది, మూడింట ఒకటైంది. అమ్మకాలు తగ్గకపోయినా, జనం రెండో పరికరం వాడటం పెరిగేకొద్దీ కొనుగోలు శాతం పడిపోతున్నట్టు కనిపిస్తుంది.

పట్టుకోవడం కష్టం కాదు. ఒకే ఖాతాకు సమయం అతివ్యాప్తమయ్యే సెషన్లు ఉన్నాయేమో వెతకాలి. 9.18 నుంచి 9.52 దాకా నడిచిన సెషన్ కడుపులోనే 9.45 సెషన్ ఉందంటే, లెక్క మనుషులది కాదు, పరికరాలది. రెండు పద్ధతుల్లోనూ లెక్కించి పోల్చడం ఇంకో దారి. ఒకే పరికరం వాడిన ఒంటరి ఖాతాలకు రెండు లెక్కలూ సరిపోవాలి. పరికరాన్ని మరొకరితో పంచుకోని మిగతావారికి పరికరాల లెక్క ఎక్కువైనా కావచ్చు, సమానమైనా కావచ్చు, తక్కువ మాత్రం కాదు.

ఇక `device_id` తీసి `user_id` పెట్టేస్తే సరి అనుకుంటే ఇంకో గోతిలో పడతాం. లాగిన్ కాని సందర్శకులకు ఆ గడి ఖాళీ. ఖాళీలన్నిటినీ డేటాబేస్ ఒకే గుంపుగా పేరుస్తుంది. ఎవరో ఒకరు ఎప్పుడూ క్లిక్ చేస్తూనే ఉంటారు కాబట్టి, వేలమంది అపరిచితులు కలిసి తెగని ఒక్క సెషన్ అయిపోతారు. అందుకే ఖాతా తెలిస్తే ఖాతా, తెలియకపోతే పరికరం అని రాస్తారు:

```sql
PARTITION BY COALESCE(user_id, device_id)
```

ఇదీ పూర్తి మందు కాదు. పది నిమిషాలు చూశాక లాగిన్ అయినవాళ్ల ముందు క్లిక్కులు పరికరం పేరున, తర్వాతవి ఖాతా పేరున పడి, ఒక రాక మళ్లీ రెండవుతుంది. ముందు క్లిక్కులకు కూడా వెనక్కి వెళ్లి ఖాతా అంటించాలి. ఇంటిల్లిపాదీ ఒకే ఫోన్ వాడేచోట అలా అంటించడం కూడా ప్రమాదమే. అమ్మ చూసినవి కొడుకు ఖాతాలో పడతాయి. అసలు లాగిన్ కాకుండా రెండు పరికరాల్లో తిరిగినవాళ్లను ఏ క్వెరీ కలపలేదు. వాళ్లు ఇద్దరుగానే మిగులుతారు.