మలుపులో ఒరిగిన మోటారు సైకిలు: చక్రాల ప్రతిక్రియ ఏ వైపుకు?

మోటారు సైకిలు నడిపే మనిషి మలుపు రాగానే బండిని లోపలి వైపుకు ఒరగదీయటం మనం రోజూ చూస్తూనే ఉంటాం. ఎడమకు తిరిగేటప్పుడు ఎడమకు, కుడికి తిరిగేటప్పుడు కుడికి ఒరుగుతాడు. ఎందుకని అడిగితే ఉన్నత పాఠశాల విద్యార్థి తడుముకోకుండా జవాబు చెబుతాడు. అపకేంద్ర బలం బండిని బయటి వైపుకు పడదోయజూస్తుంది. దానిని నిలవరించటానికి బరువును లోపలికి వంచాలి. ఈ జవాబు సరైనదే.

అయితే ఆ విద్యార్థినే మరొక ప్రశ్న అడిగి చూడండి. బండి చక్రాలు వేగంగా తిరుగుతున్నవి గదా! తిరుగుతున్న చక్రపు ఇరుసును మరొక దిక్కుకు మళ్ళిస్తే గైరోస్కోపు బలయుగ్మం పుడుతుంది గదా! మరి ఆ బలయుగ్మం బండిని ఇంకా లోపలికి వంచుతుందా, లేక బయటికి లేపుతుందా?

ఇక్కడ జవాబులు రెండుగా చీలిపోతాయి. కుడిచేతి నియమాన్ని తప్పు లేకుండా ఉపయోగించిన ఇద్దరు విద్యార్థులు కూడా ఒకరు లోపలికనీ, మరొకరు బయటికనీ చెప్పవచ్చు. ఒకరు చక్రం మీద పనిచేసే బలయుగ్మాన్ని గురించి చెబుతున్నారు. మరొకరు చక్రం బండి మీద చూపే బలయుగ్మాన్ని గురించి చెబుతున్నారు. ఈ రెండూ ఎప్పుడూ ఎదురెదురు దిక్కులలోనే ఉంటాయి. ఈ తేడాను గుర్తించకపోతే లెక్కలో ఒక గుర్తు మారి, ఫలితం తలక్రిందులవుతుంది.

చక్రపు పైభాగం, క్రిందిభాగం

నియమాలను కాసేపు ప్రక్కకు పెట్టి, చక్రాన్నే పరిశీలిద్దాం. బండి ముందుకు పోతూ ఎడమకు తిరుగుతున్నదనుకొందాం. ఇరుసుతో పోల్చి చూస్తే చక్రపు పైభాగంలోని రబ్బరు ముందుకు పోతుంది. క్రిందిభాగంలోని రబ్బరు వెనుకకు పోతుంది.

బండి ఎడమకు తిరిగినకొద్దీ పైభాగపు వేగం కూడా తన దిక్కును ఎడమకు మార్చుకోవాలి. న్యూటన్ నియమం ప్రకారం వేగపు దిక్కు మారాలంటే బలం కావాలి. కాబట్టి పైభాగాన్ని ఎవరో ఎడమకు నెట్టాలి. క్రిందిభాగం సంగతి దీనికి వ్యతిరేకం. అది వెనుకకు పోతున్నది. బండి ఎడమకు తిరిగితే ఆ వెనుక దిక్కు కుడి వైపుకు జరుగుతుంది. కాబట్టి క్రిందిభాగాన్ని కుడికి నెట్టాలి. పైన ఎడమకు, క్రింద కుడికి: ఈ రెండూ కలిసి ఒక బలయుగ్మం. ఇది చక్రాన్ని ఎడమకు, అంటే లోపలి వైపుకు, ఒరగదీసే రకానికి చెందినది.

ఈ బలయుగ్మాన్ని చక్రానికి ఇచ్చేది ఇరుసును పట్టుకొని ఉన్న బండి. న్యూటన్ మూడవ నియమం ప్రకారం చక్రం కూడా ఇరుసు ద్వారా బండి మీద అంతే బలయుగ్మాన్ని ఎదురు దిక్కులో చూపుతుంది. అదే ప్రతిక్రియా బలయుగ్మం. అది బండిని కుడికి, అంటే మలుపునకు బయటి వైపుకు, లేపుతుంది.

బండి కుడికి తిరిగితే ఏమవుతుంది? పైభాగాన్ని కుడికి, క్రిందిభాగాన్ని ఎడమకు నెట్టాలి. ప్రతిక్రియ ఎడమకు వస్తుంది. కుడి మలుపులో ఎడమ అంటే మళ్ళీ బయటి వైపే. కాబట్టి మలుపు ఏ దిక్కుకైనా సరే, ముందుకు దొర్లే చక్రాల ప్రతిక్రియ బండిని బయటికే లేపుతుంది. అది అపకేంద్ర బలానికి తోడవుతుందే గాని, దానిని తగ్గించదు.

తరగతిలో చేసి చూడదగిన ప్రయోగం

ఈ విషయాన్ని చేతులతోనే తెలుసుకోవచ్చు. పాత సైకిలు ముందు చక్రం ఒకటి తీసుకొని, ఇరుసు రెండు కొనలకు చేతితో పట్టుకోవటానికి వీలుగా గట్టి పిడులు బిగించాలి. పిడులను పట్టుకొని, ఇరుసు అడ్డంగా ఉండేటట్లు చక్రాన్ని ఎదురుగా ఉంచుకోవాలి. చక్రపు పైభాగం మననుంచి దూరంగా పోయేటట్లు మరొకరు దానిని తిప్పాలి. వేళ్ళు ఆకులలో చిక్కుకోకుండా టైరు మీద చేయి వేసి తిప్పటం మంచిది. తరువాత నిలబడిన చోటనే ఎడమకు తిరగాలి. ఎడమ చేతిలోని పిడి పైకి లేస్తున్నట్లు, కుడి చేతిలోనిది క్రిందికి దిగుతున్నట్లు తెలుస్తుంది. కుడికి తిరిగితే కుడి పిడి పైకి లేస్తుంది. ఎటు తిరిగినా లోపలి కొన పైకి లేస్తుంది. అంటే చక్రం బయటి వైపుకు ఒరగజూస్తుంది.

ఈ బలం ఎంత ఉంటుంది? అంచు, టైరు కలిసి 1.5 కిలోగ్రాములు, వ్యాసార్ధం 0.3 మీటరు, చక్రం సెకనుకు 3 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. సెకనులో పావు చుట్టు తిరిగితే బలయుగ్మం సుమారు 4 న్యూటన్ మీటర్లు అవుతుంది. పిడుల మధ్య దూరం 30 సెంటీమీటర్లయితే ఒక్కొక్క చేతికి 13 న్యూటన్ల బలం, అంటే సుమారు 1.3 కిలోగ్రాముల బరువు, తగులుతుంది. చిన్న పిల్లలు కూడా దీనిని గుర్తించగలరు. చక్రం ఆగి ఉన్నప్పుడు అదే విధంగా తిరిగి చూస్తే ఇది కనిపించదు.

మలుపులో లెక్క

ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం. బండి, మనిషి కలిసి ద్రవ్యరాశి m. టైరు నేలను తాకే చోటు నుంచి గరిమనాభి దూరం h. చక్రపు వ్యాసార్ధం r. బండి వేగం v. మలుపు వ్యాసార్ధం R. నిలువు నుంచి ఒరిగిన కోణం θ. రెండు చక్రాల జడత్వ భ్రామకాన్నీ, ఇంజనులో తిరిగే భాగాల వంతునూ కలిపి I అందాం. చక్రపు కోణీయ వేగం v/r. బండి మలుపు తిరిగే కోణీయ వేగం v/R. బండి ఒరిగినప్పుడు ఇరుసు కూడా ఏటవాలుగా ఉంటుంది. దాని క్షితిజ సమాంతర భాగం మాత్రమే మలుపుతో దిక్కు మార్చుకుంటుంది గనుక గైరోస్కోపు బలయుగ్మంలో cos θ చేరుతుంది.

లోపలికి లాగేది బరువు ఒక్కటే. బయటికి నెట్టేవి రెండు. ఈ రెండు పక్షాలూ సరితూగాలి:

m g h sin θ = m (v²/R) h cos θ + I (v/r)(v/R) cos θ

దీని నుంచి

tan θ = (v²/gR) × (1 + I/(m h r))

ఒక ఉదాహరణ తీసుకొందాం. m = 250 కిలోగ్రాములు, h = 0.6 మీటరు, r = 0.3 మీటరు. ఒక్కొక్క చక్రపు జడత్వ భ్రామకం 0.6, రెండింటికీ 1.2. ఇంజనులో తిరిగే భాగాలది 0.02, ఇంజను చక్రం కంటే 5 రెట్లు వేగంగా, చక్రాలు తిరిగే దిక్కునే తిరుగుతున్నదనుకొంటే దాని వంతు 0.1. మొత్తం I = 1.3 కిలోగ్రాము మీటరు². బండి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో, 60 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరుగుతున్నది.

గైరోస్కోపు సంగతి మరచిపోతే tan θ = 0.680, కోణం 34.2 డిగ్రీలు. దానిని చేర్చితే tan θ = 0.699, కోణం సుమారు 35.0 డిగ్రీలు. చక్రాల ప్రతిక్రియను ఎదుర్కోవటానికి బండి అదనంగా ముప్పాతిక డిగ్రీ లోపలికి ఒరగాలన్నమాట. బలయుగ్మాలను విడివిడిగా చూస్తే అపకేంద్ర బలానిది సుమారు 820 న్యూటన్ మీటర్లు, గైరోస్కోపుది 24. ఆ రెండూ కలిసి బరువు ఇచ్చే 843 కు సరిపోతాయి. ప్రతిక్రియ లోపలి వైపుకు ఉంటుందని పొరపడిన విద్యార్థి ఈ 24 ను తీసివేస్తాడు, కోణం 34.2 కంటే తక్కువగా వస్తుంది. లెక్కలో తప్పు జరిగిందని గుర్తించటానికి ఇదే ఆనవాలు.

సూత్రంలో మరొక విశేషం ఉన్నది. I/(m h r) అనే భాగంలో వేగమూ లేదు, మలుపు వ్యాసార్ధమూ లేదు. వేగం పెరిగితే గైరోస్కోపు ప్రతిక్రియ పెరిగే మాట నిజమే. కాని అపకేంద్ర బలం కూడా అదే పాళ్ళలో పెరుగుతుంది. మన బండికి ఏ వేగంలోనైనా మొదటిది రెండవదానిలో నూటికి సుమారు 3 వంతులే.

ఇంజను చక్రాలకు ఎదురు దిక్కున తిరిగితే దాని వంతును తీసివేయాలి. I = 1.1 అవుతుంది, కోణం 34.85 డిగ్రీలకు తగ్గుతుంది. కొన్ని పందెపు మోటారు సైకిళ్ళలో క్రాంకుషాఫ్టును ఇలా ఎదురు దిక్కున తిప్పుతారు. క్రాంకుషాఫ్టు బండి పొడవు వెంబడి ఉంటే ఈ లెక్క దానికి వర్తించదు; అప్పుడు ఇంజను ప్రతిక్రియ బండిని ప్రక్కకు ఒరగదీయదు, ముందు వెనుక చక్రాల మీద పడే బరువును కొద్దిగా మారుస్తుంది.

ఈ లెక్కకు హద్దులు

టైరు కత్తి అంచులాగా సన్నగా ఉన్నదని అనుకొని పై లెక్క చేశాం. నిజమైన టైరు గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. బండి ఒరిగినప్పుడు నేలను తాకే చోటు లోపలి వైపుకు జరుగుతుంది. మన బండి టైరు వెడల్పు 10 సెంటీమీటర్లయితే ఈ కారణంగానే ఇంకా సుమారు 3 డిగ్రీలు ఒరగవలసి వస్తుంది. అంటే టైరు వెడల్పు చూపే ప్రభావం గైరోస్కోపు ప్రభావం కంటే నాలుగు రెట్లు.

ఒరిగి ఉండటం వేరు, ఒరుగుతూ ఉండటం వేరు అని కూడా గుర్తుంచుకోవాలి. మనం చెప్పుకొన్నది కోణం మారకుండా మలుపు తిరిగే బండిని గురించి. బండి ఎడమకు ఒరుగుతున్న ఆ కొద్ది క్షణాలలో ముందు చక్రపు ప్రతిక్రియ మరొక విధంగా ఉంటుంది: అది హేండిలును ఎడమకు తిప్పజూస్తుంది. ఈ రెండింటినీ కలగలిపి, గైరోస్కోపే బండిని పడకుండా నిలబెడుతున్నదని కొందరు అంటారు. 1970లో బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞుడు డేవిడ్ జోన్స్ ఒక సైకిలు ముందు చక్రం ప్రక్కన, నేలను తాకకుండా, ఎదురు దిక్కున తిరిగే మరొక చక్రాన్ని అమర్చి పరీక్షించినట్లు ప్రకటించాడు. గైరోస్కోపు ప్రభావాలు చెల్లిపోయినా ఆ సైకిలును సులభంగానే తొక్కగలిగాడు. చేతులు వదలి తొక్కటం మాత్రం కష్టమయింది.

కాబట్టి విద్యార్థి "బలయుగ్మం లోపలికి" అని జవాబు చెప్పినప్పుడు ఉపాధ్యాయుడు వెంటనే తప్పని కొట్టివేయనక్కరలేదు. "ఎవరు ఎవరి మీద చూపే బలయుగ్మం?" అని అడగాలి. బండి చక్రం మీద చూపేదయితే లోపలికి. చక్రం బండి మీద చూపేదయితే బయటికి. మోటారు సైకిలు ఎంత ఒరగాలో నిర్ణయించే లెక్కలో చేరేది ఈ రెండవదే.