తోలు దీపం అమ్మకానికి పెడితే

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు మేకతోలుతో టేబుల్ లాంప్‌లు కూడా చేస్తారు. అలాంటి లాంప్‌ను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు తోలు మీది బొమ్మ, రంగులు, చిల్లుల్లోంచి వచ్చే వెలుగు ఫోటోలో కనిపిస్తాయి. లోపల ఏ బల్బు పడుతుందో, వైరు ప్లగ్గు దాకా అందుతుందో లేదో మాత్రం రాస్తేనే తెలుస్తుంది.

ముందుగా హోల్డరు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది బి22, అంటే రెండు పిన్నులను లోపలికి నొక్కి తిప్పే రకం. మర తిప్పి బిగించేది ఈ27, అంతకన్నా సన్నని మర ఉన్నది ఈ14. ‘మామూలు బల్బు’ అని రాసి ఊరుకుంటే, ఇంట్లో ఉన్న బి22 బల్బు ఈ27 హోల్డరులో పట్టక లాంప్ తిరిగొస్తుంది. హోల్డరు పక్కనే ఎన్ని వాట్లు మించకూడదో చెప్పాలి. తోలుకు ఇది మరీ ముఖ్యం. పాతకాలపు ఫిలమెంట్ బల్బు తీసుకున్న కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. ఆ వేడికి దగ్గరగా ఉన్న తోలు ముడుచుకుపోతుంది, మాడుతుంది కూడా. అందుకే ‘ఎల్ఈడీ మాత్రమే’ అని స్పష్టంగా రాయడం మేలు.

వైరు పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. లాంప్ అడుగు నుంచి ప్లగ్గు వరకు కొలవాలి, మధ్యలో స్విచ్చి ఉంటే అది ఎంత దూరంలో ఉందో కూడా చెప్పాలి. 75 సెంటీమీటర్ల ఎత్తు బల్ల మీద పెట్టిన లాంప్‌కు, కింద గోడకున్న సాకెట్ అందాలంటే వైరులో అంత పొడవు నేలకు దిగడానికే పోతుంది.

ఎక్కువ పేచీలు వచ్చేది కాంతి రంగు దగ్గర. 2700 నుంచి 3000 కెల్విన్ల వార్మ్ వైట్ వెలుగులో తోలు ఎరుపు, పసుపు నిండుగా కనిపిస్తాయి. 6500 కెల్విన్ల కూల్ డేలైట్ బల్బు పెడితే అదే తోలు పాలిపోయినట్టుంటుంది. ‘పసుపు కాంతి’ అని రాస్తే రంగు బల్బు అనుకునేవారూ ఉన్నారు కనుక కెల్విన్ల అంకె ఇవ్వడమే నయం. ఫోటోలో వెలుగుతున్న బల్బును చూసి అదీ పెట్టెలో వస్తుందనుకోవడం కొనేవారి తప్పు కాదు. రాకపోతే ఆ మాట వివరాల చివర్లో కాదు, పైనే ఉండాలి.

అన్నీ కలిపితే ఇలా వస్తుంది: ‘మేకతోలు టేబుల్ లాంప్. బల్బు విడిగా కొనాలి. హోల్డరు బి22, ఎల్ఈడీ మాత్రమే, 9 వాట్లు మించకూడదు. వైరు 1.5 మీటర్లు, స్విచ్చి లాంప్‌కు 40 సెంటీమీటర్ల దూరంలో. ఫోటోలో వాడినది 2700 కెల్విన్ల బల్బు.’

అమెరికాకు పంపితే ఇవే వివరాలు సరిపోవు. అక్కడ కరెంటు 120 వోల్టులు, హోల్డరు ఈ26, ప్లగ్గు ఆకారమూ వేరు.