గంధం చెట్టుకు తొందర తెలియదు!

కొండగట్టు అంజన్న దర్శనం చేసుకుని గుట్ట దిగుతుంటే కొబ్బరికాయలు, కుంకుమ పొట్లాల పక్కనే గంధం పొడి పొట్లాలూ కనిపిస్తాయి. ఇరవై రూపాయలకే పొట్లం! పేరంటానికి పనికొస్తుందని నేనూ కొన్నాను. తీరా మెడకు రాసుకుంటే గంటలోపే వాసన మాయం. అసలు గంధం చెక్కను సాన మీద అరగదీస్తే మొదట్లో వాసన మెల్లగానే వస్తుంది గానీ సాయంత్రం దాకా వదలదు. గుప్పుమని కొట్టి వెంటనే పోయిందంటే ఏదో చెక్కపొడికి సెంటు పట్టించారని అనుమానించాల్సిందే. అన్నట్టు, ఎర్రచందనం వేరే చెట్టు. దానికి రంగే తప్ప ఈ పరిమళం ఉండదు.

అసలైనది అంత అరుదెందుకో జగిత్యాల దగ్గర మా మేనమామ చేలో చూస్తే తెలిసింది. పసుపు వేసే అరెకరంలో 2013లో నూటయాభై శ్రీగంధం మొక్కలు పెట్టాడు. మొక్కల మధ్య మొదట కంది, తర్వాత సరుగుడు, కానుగ వేశాడు. ఇవన్నీ ఎందుకని అడిగితే, "గిది ఒంటిగ బతకది బిడ్డా, పక్కదాని వేరు పట్టుకుంటేనే లేస్తది" అన్నాడు. నిజమే, గంధం వేళ్లకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటితో పక్క చెట్టు వేరును పట్టుకుని నీరు, లవణాలు పీల్చుకుంటుంది. గట్టు చివర తోడు లేకుండా పెట్టిన పది మొక్కలు పసుపుబారి, నాలుగేళ్లకే ఎండిపోయాయట.

చెట్టు పెరిగినంత మాత్రాన గంధం వచ్చేసినట్టు కాదు. పరిమళమంతా చేవలోనూ వేళ్లలోనూ ఉంటుంది. పైనున్న తెల్లచెక్కకు వాసన ఉండదు. ఆ చేవ కట్టడం మొదలవడానికే పదేళ్లు దాటుతుంది. "పన్నెండేళ్లకు లక్షలు" అని మొక్కలమ్మినవాళ్లు చెప్పిన మాట నమ్మి, మామ పన్నెండో ఏట ఒక చెట్టుకు సన్నని బర్మాతో రంధ్రం వేయించాడు. బయటికొచ్చిన పొడి చాలాసేపు తెల్లగానే ఉంది. నడిమధ్యకు వెళ్లాక కాస్త గోధుమరంగు తగిలింది, అంతే! పదేళ్ల చెట్టు చేవ కిలో ఉంటే నూనె మహా అయితే ఇరవై గ్రాములు వస్తుంది. ముప్ఫై నలభై ఏళ్ల చెట్టు చేవయితే అదే కిలోకు యాభై గ్రాముల దాకా ఇస్తుంది. వాసన గుణం కూడా అప్పుడే నిండుగా ఉంటుంది. నీళ్లు, ఎరువు దండిగా పెడితే మాను లావెక్కుతుందేమో గానీ చేవకు అంత తొందర ఉండదు.

వేళ్లలోనూ నూనె ఉంటుంది గనుక గంధం చెట్టును నరకరు, వేళ్లతో సహా పెకలిస్తారు. మొదలు మిగిలితే కదా చిగురేసేది! దీనికి తోడు చట్టం. మైసూరు రాజ్యంలో టిప్పు కాలం నుంచీ అది రాజుగారి సొత్తు. కర్ణాటకలో 2001 దాకా, తమిళనాడులో 2002 దాకా సొంత పెరట్లో మొలిచినా చెట్టు ప్రభుత్వానిదే. దొంగలు కొట్టుకుపోతే జవాబు చెప్పాల్సింది మాత్రం ఇంటివాళ్లు. ఆ బాధ ఎందుకని మొలకలోనే పీకేసినవాళ్లు ఎందరో! ఇలా అడవి చెట్లు దొంగల పాలై, పెరటి చెట్లు పుట్టక, 1998 నాటికి శ్రీగంధం ముప్పులో ఉన్న జాతుల ప్రపంచ జాబితాకెక్కింది.

దెబ్బ అత్తరువాళ్లకు బాగా తగిలింది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో గులాబీలు ఉడికించి, ఆ ఆవిరిని గంధం నూనె ఉన్న పాత్రలోకి పంపుతారు. పూల వాసనను పట్టి ఉంచేది ఆ నూనే. అది అందనంత ఖరీదయ్యాక చాలామంది పారఫిన్ నూనె వాడారు. అత్తరు చవకైంది గానీ, పూల వాసన కింద మెత్తగా నిలిచే గంధం పోయింది.

పెద్ద సెంటు కంపెనీలు ఇప్పుడు ఆస్ట్రేలియాలోని కునునుర్రా తోటల వైపు చూస్తున్నాయి. అక్కడ పెంచేదీ మన శ్రీగంధమే. ఆ దేశపు సొంత గంధం జాతి ఇంకొకటుంది. దాని వాసన కాస్త పొడిగా, ఘాటుగా ఉంటుంది. ఇక జావనాల్, శాండలోర్ లాంటివి పైన్ చెట్ల టర్పెంటైన్‌లోని పదార్థం నుంచి ప్రయోగశాలలో తయారవుతాయి. జావనాల్ అయితే కొద్ది చుక్కలు చాలు. కానీ ఇలాంటివి కొందరి ముక్కుకు అసలు అందవు. గంధం నూనెలా పూల ఆవిరిని పట్టే పనీ చేయలేవు. సబ్బులకు, అగరుబత్తులకు అవి చాలని నా అభిప్రాయం. అసలు నూనెను అత్తరుకు వదిలేయొచ్చు.

మామ ఇంకా ఒక్క చెట్టూ కొట్టలేదు. కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. రాత్రిళ్లు దొంగల భయానికి రెండు కుక్కల్ని పెంచుతున్నాడు. "ఇంకో పదిహేనేండ్లు ఆగుత, నేను లేకుంటే నా బిడ్డ కొట్టుకుంటది" అంటూ కానుగ కొమ్మలు కత్తిరించడానికి లేచాడు.